ఒకే సీసా, రెండు తలనొప్పులు

(హోసూరు దగ్గర తెలుగు యువజన కూటంలో మా ఆరోగ్య బృందం చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు ఇచ్చిన అంశం వినగానే కొందరు నవ్వారు. తాగిన మర్నాటి తలనొప్పి గురించి చర్చి హాల్లో మాట్లాడటమేంటి అని ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు కూడా. తాగడం తప్పని చెప్పడానికి మీ సంఘాల్లో బోధకులు ఉన్నారు, వారు చెబుతూనే ఉన్నారు. మేము నర్సులం, ఆరోగ్య కార్యకర్తలం. తాగినవాడు ఆదివారం ఉదయం ఇంట్లో పడుకుని ఉంటే అమ్మ వచ్చి "వాడికి జ్వరం అయ్యగారూ" అని చెబుతుంది చూడండి, ఆ గదిలో ఏం జరుగుతోందో చెప్పడానికి వచ్చాం. ఎందుకంటే ఆ దాపరికం వల్ల ప్రాణం మీదికి వచ్చిన ఇళ్ళు మాకు తెలుసు.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేర్లు వద్దు, ఊరు వద్దు. ఒక పెళ్ళికి ముందు రోజు, శనివారం రాత్రి. మేనమామ, మేనల్లుడు ఇద్దరూ తోటలో కూర్చుని ఒకే సీసాలోది తాగారు. మేనల్లుడికి ఇరవై నాలుగేళ్ళు, ఫ్యాక్టరీలో పని, ఎప్పుడో పండక్కో పబ్బానికో తాగుతాడు. మామకు నలభై ఎనిమిది, పన్నెండేళ్ళుగా రోజూ క్వార్టర్ ఉండాల్సిందే. ఆదివారం పొద్దున ఇద్దరికీ తల పగిలిపోతోంది. ఇంట్లోవాళ్ళు ఇద్దరికీ నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టారు. కానీ ఆ రెండు తలనొప్పులూ ఒకటి కాదు.

ముందు అల్లుడి సంగతి చూద్దాం. అతను తొమ్మిది గంటలకు మొదలుపెట్టి పదకొండు లోపు ఒక క్వార్టర్ పూర్తి చేశాడు. అంటే 180 మిల్లీలీటర్లు. మన బ్రాందీ, విస్కీ, రమ్ములో మద్యసారం 42.8 శాతం ఉంటుంది. లెక్క వేస్తే ఆ క్వార్టర్‌లో అచ్చమైన మద్యసారం సుమారు 60 గ్రాములు. మన కాలేయం గంటకు ఇంచుమించు 7 గ్రాములు మాత్రమే కరిగించగలదు. స్నానం చేసినా, మజ్జిగ తాగినా, ఊరగాయ నాకినా దాని వేగం పెరగదు. కాబట్టి తొమ్మిదింటికి మొదలైన ఆ 60 గ్రాములు పూర్తిగా పోయేసరికి తెల్లవారి ఐదున్నర, ఆరు అవుతుంది. అతను అసలు తలనొప్పితో లేచింది ఆరు గంటలకే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. రక్తంలో మద్యం ఎక్కువగా ఉన్న పదకొండు గంటల రాత్రి కాదు, మద్యం దాదాపు అయిపోయిన పొద్దున హ్యాంగోవర్ తలనొప్పి గట్టిగా వస్తుంది. తాగిన ఐదు నుంచి పన్నెండు గంటల మధ్య మొదలయ్యేదాన్నే వైద్యులు హ్యాంగోవర్ తలనొప్పి అంటారు. అంటే నొప్పి పెట్టేది కేవలం ఒంట్లో ఉన్న మద్యం కాదు, అది వెళ్ళిపోతూ వదిలిన గందరగోళం.

ఆ గందరగోళంలో అందరికీ తెలిసింది నీరు తగ్గిపోవడం. మూత్రాన్ని అదుపులో ఉంచే ఒక హార్మోన్ మెదడు నుంచి వస్తుంది, మద్యం దాన్ని అణచివేస్తుంది. అందుకే తాగినవాడు గంటకోసారి గోడ పక్కకు వెళతాడు. దాహం, నోరు పిడచకట్టడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం దీనివల్లే. కానీ నీళ్ళు తాగితే దాహం తీరుతుంది గానీ తలనొప్పి మాత్రం చాలామందికి అంత త్వరగా పోదు. ఎందుకంటే కారణం అదొక్కటే కాదు. జ్వరం వచ్చే ముందు ఒళ్ళంతా ఎలా నొప్పులుగా ఉంటుందో, అలాంటి వాపు రసాయనాలు మద్యం వల్ల కూడా ఒంట్లో పెరుగుతాయి. నిద్ర కూడా మంచి నిద్ర కాదు. తాగినవాడు వెంటనే గుర్రు పెడతాడు గానీ తెల్లవారుజామున నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. పైగా అల్లుడు రాత్రి అన్నం తినలేదు. మద్యాన్ని కరిగించే పనిలో ఉన్న కాలేయం రక్తంలోకి చక్కెర వదిలే పనిని సరిగా చేయలేదు. ఖాళీ కడుపుతో తాగినవాడికి పొద్దున చేతుల్లో సత్తువ లేకపోవడానికి ఇదొక కారణం.

"నల్లది తాగితే తలనొప్పి, తెల్లది తాగితే రాదు" అని మన కుర్రాళ్ళు చెప్పుకుంటారు. కొంత నిజం ఉంది. పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచిన బ్రాందీ, విస్కీల్లో మద్యసారంతో పాటు వేరే పదార్థాలు కూడా ఎక్కువగా ఉంటాయి, వాటివల్ల హ్యాంగోవర్ పెరుగుతుంది. కానీ మన దగ్గర చవకగా దొరికే చాలా సీసాల్లో ఆ రంగు పీపాది కాదు, మాడ్చిన చక్కెరది. రంగు చూసి ధైర్యం తెచ్చుకోకండి. "బీరే కదా" అనేది ఇంకో మాట. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే 41 గ్రాముల మద్యసారం. రెండు సీసాలంటే క్వార్టర్ కంటే ఎక్కువ.

అయితే అల్లుడి కథలో ఇంకో సంగతి ఉంది. ఆ రాత్రి పదింటికే, ఇంకా తాగుతుండగానే, అతనికి తల కుడివైపు పోటు మొదలైంది. లైటు చూడలేకపోయాడు. పక్కనున్నవాళ్ళు "ఇంకొకటి వేసుకో, సర్దుకుంటుంది" అన్నారు. ఆ తలనొప్పి హ్యాంగోవర్ కాదు. తాగిన మూడు గంటల లోపే వచ్చే నొప్పి వేరే రకం. కొందరికి ఒక్క గ్లాసుకే వస్తుంది, పక్కవాడు సీసా తాగినా రాదు.

మేము అతని అమ్మను అడిగాం. ఆమె జీవితంలో మద్యం ముట్టలేదు. కానీ ఎండలో తిరిగినా, పూట భోజనం తప్పినా ఆమెకు ఒకవైపు తల పోటు, వాంతి, వెలుతురు పడకపోవడం. పార్శ్వపు నొప్పి అంటాం, మైగ్రేన్. అది కుటుంబాల్లో దిగుతుంది. కొడుక్కి కూడా వచ్చింది, కానీ అతనికి మద్యం తాగినప్పుడే బయటపడటంతో ఎవరూ గుర్తించలేదు. మైగ్రేన్ ఉన్నవాళ్ళ ముఖానికి, మెదడు పొరలకు నొప్పి చేరవేసే నరం చాలా తొందరగా రెచ్చిపోతుంది. మద్యం ఆ నరాన్ని కదిలిస్తుంది, అక్కడి రక్తనాళాలు ఉబ్బుతాయి, ఒకవైపు సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఇలాంటివాళ్ళకు "ఇంత తాగితే ఫరవాలేదు" అనే కొలత ఉండదు. ఒంటరి కన్ను వెనక భరించలేని పోటు, కన్ను ఎర్రబడి నీళ్ళు కారడం, రోజూ అదే వేళకు రావడం ఉంటే అది ఇంకా వేరే జబ్బు, క్లస్టర్ తలనొప్పి అంటారు. ఆ నొప్పులు వచ్చే వారాల్లో ఒక్క గుక్క మద్యమే దాన్ని లేపుతుంది. రెండిటికీ మందులున్నాయి. న్యూరాలజీ డాక్టరుకు "తాగినప్పుడు వస్తుంది" అని సిగ్గుపడకుండా చెప్పాలి, లేకపోతే ఆయనకు ఆ దారి దొరకదు.

సరే, ఆ పొద్దున అల్లుడికి ఏం చేశాం? ముందు ఏం చేసి ఉండకూడదో చెప్పాలి. అర్ధరాత్రి ఎవరి జేబులోదో డైక్లోఫెనాక్ కలిసిన నొప్పి మాత్రలు రెండు ఖాళీ కడుపున వేసుకున్నాడు. మద్యం ఇప్పటికే కడుపు లోపలి పొరను మంట పెట్టి ఉంటుంది, దాని మీద డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి పడితే పుండు పడి రక్తం కారొచ్చు. వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ వస్తే, విరేచనం తారులా నల్లగా వస్తే ఇంట్లో ఉండకూడదు. అతనికి అంత దూరం రాలేదు, వాంతులతో సరిపోయింది.

మేము చేసింది చాలా మామూలు పని. ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, గడగడా కాకుండా రెండు నిమిషాలకు రెండు గుక్కలు ఇచ్చాం. వాంతి ఆగాక ఉప్పు వేసిన పలుచని గంజి, ఆ తర్వాత కాస్త రాగి జావ. గది చీకటి చేసి ఒక పక్కకు తిరిగి పడుకోమన్నాం. రోజూ కాఫీ తాగే అలవాటు ఉన్నవాడే కాబట్టి చిన్న గ్లాసు కాఫీ ఇచ్చాం, అది మానేస్తే దానికి ఇంకో తలనొప్పి. మధ్యాహ్నం, కడుపులో తిండి నిలిచాక, 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి. అప్పుడప్పుడు తాగే ఆరోగ్యవంతుడికి, రాత్రి మత్తులో కాకుండా మర్నాడు, ఒక మాత్ర వరకు ఇబ్బంది లేదు. రోజూ తాగేవాళ్ళకు, సరిగా తినని వాళ్ళకు ఇదే పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీయగలదు, వాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. సాయంత్రానికి అతను లేచి కూర్చున్నాడు. ఎవరో సెలైన్ ఎక్కించమన్నారు. నోటితో తాగగలిగినవాడికి ఆ సీసా వల్ల అదనంగా జరిగే మేలు లేదు, డబ్బు తప్ప.

ఇంకో మాట. పొద్దున ఆరింటికి బండి మీద అమ్మను చర్చికి దింపుతానన్నాడు, వద్దన్నాం. అతనిలో అప్పటికి మద్యం దాదాపు అయిపోయింది, కానీ ఒకటిన్నర క్వార్టర్ తాగి ఉంటే ఆ సమయానికి ఇంకా చట్టం పెట్టిన హద్దుకు పైనే ఉండేవాడు. 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు ఆ హద్దు. నిద్రపోయి లేచాం కాబట్టి దిగిపోయింది అనుకోవద్దు.

ఇప్పుడు మామ దగ్గరికి వద్దాం. మేము ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నారు. తలనొప్పి, నిజమే. కానీ చేతులు వణుకుతున్నాయి, నుదుటన చెమట, గుండె దడ, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. "అమ్మా, ఒక్క పెగ్గు పడితే ఇదంతా పోతుంది" అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు, నిజంగానే పోతుంది. అందుకే అది హ్యాంగోవర్ కాదు. అల్లుడికి మద్యం వాసనే కడుపులో తిప్పుతోంది, మామకు మద్యమే మందులా పనిచేస్తోంది. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడి మెదడు ఆ మద్యంతోనే సమతూకం పెట్టుకుని ఉంటుంది. ఆరేడు గంటలు అందకపోతే అదుపు తప్పుతుంది. దీన్ని విత్‌డ్రావల్ అంటారు. సామెతల గ్రంథం ఇరవై మూడో అధ్యాయంలో నిద్ర లేవగానే మళ్ళీ దాన్నే వెతుక్కునే మనిషి కనిపిస్తాడు, చదివి చూడండి.

ఇది మేము ఎందుకు గట్టిగా చెబుతున్నామంటే, మన సంఘాల్లో ఒక మంచి పని చెడ్డగా ముగియడం చూశాం. ఉపవాస కూటంలో ఒకాయన కన్నీళ్ళతో తీర్మానం చేసుకుంటాడు, ఆ రోజు నుంచి ఒక్క చుక్క ముట్టడు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేని పురుగులు, లేని మనుషులు కనబడతారు, గోడలతో మాట్లాడతారు, ఒళ్ళు కాలిపోతుంది. ఇంటివాళ్ళు దయ్యం పట్టింది అనుకుని కట్టేసి ప్రార్థనకు కూర్చుంటారు. ప్రార్థన చేయండి, ఆస్పత్రికి వెళ్ళే బండిలో చేయండి. వైద్యం అందకపోతే ఈ స్థితిలో మనుషులు చనిపోతారు. మానేయాలన్న తీర్మానం సరైనదే, కానీ రోజూ తాగేవాళ్ళు దాన్ని డాక్టరు చేతుల్లో మొదలుపెట్టాలి. కొన్ని రోజులు మందులతో మెదడును మెల్లగా దించుతారు, బి1 విటమిన్ ఇస్తారు. మనకు దగ్గరలోనే బెంగళూరు హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో మద్యం మాన్పించే ప్రత్యేక విభాగం ఉంది. దూరంగా ఉన్నవాళ్ళు 14446కి ఫోన్ చేసి అడగవచ్చు.

మేము బయలుదేరుతుంటే అత్త వాకిట్లోకి వచ్చింది. కొంగు చాటున ఒక మాత్రల పట్టీ. "మా చుట్టాలావిడ ఇచ్చిందమ్మా, సాంబారులో కలిపి పెడితే తాగుడు మానేస్తారట" అంది. అది డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లో రెండు మెట్లలో కరుగుతుంది; మొదటి మెట్టులో ఎసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది, రెండో మెట్టులో అది పోతుంది. ఈ మాత్ర ఆ రెండో మెట్టును మూసేస్తుంది. తర్వాత మనిషి తాగితే పది, పదిహేను నిమిషాల్లో ముఖం కందగడ్డలా ఎర్రబడుతుంది, తల దిమ్మెక్కేలా పోటు, వాంతులు, గుండె దడ, ఒక్కోసారి రక్తపోటు పడిపోయి ప్రాణం పోతుంది. (చైనా, జపాన్, కొరియా వాళ్ళలో చాలామందికి పుట్టుకతోనే ఆ మెట్టు బలహీనం, అందుకే ఒక గ్లాసుకే ఎర్రబడి తలనొప్పి తెచ్చుకుంటారు. మన వాళ్ళలో అది అరుదు.) ఆ మాత్ర చెడ్డది కాదు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షించాక, తాగి కనీసం పన్నెండు గంటలు దాటాక వేసుకునే మందు అది. తెలియకుండా పెట్టడం విషం పెట్టడంతో సమానం. అత్తకు ఈ మాట చెప్పడం మాకు కష్టమైంది, పన్నెండేళ్ళు ఆమె పడిన బాధ మేము పడలేదు. పట్టీ మాకు ఇచ్చేసింది.

ఆ మందు మీద ఉన్నవాళ్ళకు చిన్న గుక్క కూడా పనికిరాదు, కొన్ని దగ్గు మందుల్లో ఉండేది కూడా. మాత్ర ఆపాక రెండు వారాల వరకు అంతే. మన సంఘాల్లో చాలాచోట్ల సంస్కారానికి పులియని ద్రాక్షరసమే వాడతారు, కానీ ద్రాక్షారసం వాడే చోట ముందే అయ్యగారితో చెప్పుకోవాలి.

చివరగా, ఏది ఇంట్లో పడుకోబెట్టకూడని తలనొప్పి? పడి తలకు దెబ్బ తగిలినవాడిది మొదటిది. తాగినవాడు మెట్ల మీద పడ్డాడు, లేచాడు, పడుకున్నాడు. మర్నాడు నొప్పి తగ్గకుండా పెరుగుతోంది, మాటిమాటికీ వాంతి, పిలిస్తే మత్తుగా చూస్తున్నాడు. లోపల రక్తం గడ్డ కడుతూ ఉండవచ్చు. ఇది కొన్ని రోజుల తర్వాత బయటపడటం కూడా ఉంది. హ్యాంగోవర్ గంట గంటకూ తగ్గుతుంది, సాధారణంగా ఒక రోజులో పోతుంది. పెరిగేది హ్యాంగోవర్ కాదు.

రెండోది చూపుతో వచ్చేది. 2024 జూన్‌లో మన రాష్ట్రంలోనే కళ్ళకురిచ్చిలో ప్యాకెట్ సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. దానిలో మిథనాల్ ఉంది. మిథనాల్ మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. ఒంట్లో అది మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది కాబట్టి అసలు దెబ్బ పన్నెండు గంటలు, ఒక రోజు తర్వాత తెలుస్తుంది. సరిగ్గా హ్యాంగోవర్ వచ్చే వేళకే. తలనొప్పి, వాంతి, కడుపు నొప్పి, అచ్చం అలాగే. తేడా ఏమిటంటే చూపు మసకబారుతుంది, పొగమంచులో ఉన్నట్టు తెల్లగా కనబడుతుంది, పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి వేగంగా ఆడుతుంది. అప్పుడు 108. వెళ్ళినచోట ఎక్కడ, ఏది, ఎప్పుడు తాగాడో దాచకుండా చెప్పండి. విరుగుడు ఉంది, డయాలసిస్ ఉంది, కానీ గంటలు గడిచేకొద్దీ కళ్ళు, ఆ తర్వాత ప్రాణం పోతాయి. అతనితో తాగినవాళ్ళను కూడా, వాళ్ళకు ఇంకా ఏమీ కాకపోయినా, తీసుకెళ్ళండి. పోలీసులు వస్తారని, చర్చిలో తెలుస్తుందని ఆగేవాళ్ళు ఉంటారు. దినకూలీ వాడే చవక ప్యాకెట్ తాగుతాడు, భయపడి ఆలస్యంగా వచ్చేదీ వాడే.

మత్తులో లేవలేనివాడిని వెల్లకిలా పడుకోబెట్టకండి, పక్కకు తిప్పండి, ఒకరు దగ్గర కూర్చోండి. పిలిచినా, గిల్లినా కదలకపోతే నిద్ర అనుకోవద్దు.

ఆ ఇంటి సంగతి ఎక్కడిదాకా వచ్చిందో అడుగుతారు. అదే మధ్యాహ్నం మామను ఆస్పత్రిలో చేర్చాం, మంగళవారం రాత్రి ఆయనకు పురుగులు కనిపించాయి, కానీ అప్పటికి నర్సు పక్కనే ఉంది. అల్లుడు మూడు నెలలు ఒక నోటుపుస్తకంలో తలనొప్పి వచ్చిన రోజులు రాశాడు. తాగిన రోజులు రెండే. మిగతా ఏడు సార్లు నైట్ షిఫ్ట్ దిగి తినకుండా పడుకున్న రోజులు. ఆ పుస్తకం చూసి డాక్టరు మైగ్రేన్‌కు మందు రాశారు. వాళ్ళమ్మ కూడా ఇప్పుడు అదే డాక్టరు దగ్గరికి వెళుతోంది, ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి.